ముప్పై ఒకటో పేజీలోని ప్రమాదం

పెద్ద రిపోర్టును పైఅధికారికి పంపేటప్పుడు దానికి ముందు పెట్టే నాలుగు ముక్కల మెయిల్ గురించి ఎవరూ పెద్దగా ఆలోచించరు. నెల రోజులు తిరిగి రిపోర్టు తయారుచేస్తారు, కవరింగ్ మెయిల్ మాత్రం పది నిమిషాల్లో ముగిస్తారు. నీటిపారుదల శాఖ కార్యాలయంలో ఏళ్ల తరబడి ఫైళ్లు నడిపిన నేను చూసినంతలో, పని ఆగిపోయేది చాలాసార్లు అక్కడే. రిపోర్టు బాగానే ఉంటుంది. దాన్ని తెరవాల్సిన మనిషికి ఎందుకు తెరవాలో తెలియదు.

రెండేళ్ల కిందట మే నెలలో మా వీధిలో ఉండే ఇంజనీరు అమ్మాయి ఒక ముసాయిదా పట్టుకొచ్చింది. జిల్లాలోని 42 చెరువులను వానాకాలానికి ముందు తనిఖీ చేశారు. 58 పేజీల రిపోర్టు సిద్ధమైంది. దాన్ని ఈఈ గారి పేరుతో కలెక్టర్ గారికి మెయిల్‌లో పంపాలి, ఆ మెయిల్ రాసే పని తనకు అప్పగించారు. "ఒకసారి చూసిపెట్టండి బాబాయ్ గారూ, భాష తప్పులుంటే దిద్దండి" అంది. ఊరి పేర్లు తీసేసి, అంకెలు కొంచెం మార్చి, ఆ ముసాయిదాను ఇక్కడ ఇస్తున్నాను.

"విషయం: నివేదిక సమర్పణ గురించి.

గౌరవనీయులైన కలెక్టర్ గారికి, పై విషయానికి సంబంధించి సూచిక 1లోని తమరి సమీక్షా సమావేశ ఆదేశాల మేరకు, సూచిక 2లోని ఎస్ఈ గారి సర్క్యులర్‌ను అనుసరించి, జిల్లాలోని 42 చెరువులను ఏప్రిల్ 8 నుంచి మే 6 వరకు నాలుగు బృందాలు తనిఖీ చేశాయని సవినయంగా తెలియజేసుకుంటున్నాను. తనిఖీలో కట్ట, తూము, అలుగు, పంట కాలువల స్థితిగతులను నిర్ణీత ప్రొఫార్మాలో నమోదు చేయడమైనది. సదరు వివరాలతో కూడిన 58 పేజీల నివేదికను ఇందువెంట జతపరచడమైనది. కొన్ని చెరువులకు తక్షణ మరమ్మతులు అవసరమని గమనించడమైనది. కావున తమరు దయతో పరిశీలించి తగు చర్య తీసుకోవలసిందిగా కోరుతున్నాను."

భాషలో తప్పేమీ లేదు. మర్యాదకు లోటు లేదు. మన కార్యాలయాల్లో ఇలాంటివి రోజూ వెళుతుంటాయి. కానీ రిపోర్టు తిరగేస్తుంటే 31వ పేజీ దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. ఒక పెద్ద చెరువు. ఎత్తిపోతల నీళ్లతో నింపారు కాబట్టి ఎండాకాలంలోనూ నిండుగా ఉంది. తూముకు ఎడమ పక్కన, కట్ట అడుగున నీరు ఊరుతోంది. ఆ నీరు ఎర్రగా, మట్టి కలిసి వస్తోందని రాశారు, ఫొటో కూడా పెట్టారు.

చెరువు కట్ట కింద తేటనీరు కొద్దిగా ఊరడం మామూలే. మట్టికట్ట ఎంతో కొంత నీటిని వదులుతుంది. ఆ నీరు మట్టిరంగుకు తిరిగిందంటే మాత్రం, వెళుతూ వెళుతూ కట్ట లోపలి మట్టిని తోడుకుపోతోందని అర్థం. లోపల సన్నగా మొదలైన దారి క్రమంగా బుంగ అవుతుంది. పైన కట్ట చెక్కుచెదరనట్టే కనిపిస్తుంది. చెరువులోకి వరద చేరి ఒత్తిడి పెరిగిన రోజు అదే గండి. ఆ కట్టకు దిగువన 210 ఇళ్లున్నాయని అదే పేజీలో ఉంది.

ఇంత సంగతి ముసాయిదాలో "కొన్ని చెరువులకు తక్షణ మరమ్మతులు" అనే ముక్కలో దాక్కుంది. కొన్ని అంటే ఎన్ని? తక్షణం అంటే రేపా, వచ్చే నెలా? తగు చర్య అంటే ఏ చర్య, ఎవరు తీసుకోవాలి? మూడింటికీ జవాబు రిపోర్టులో ఉంది, మెయిల్‌లో లేదు. ఆ వాక్యం చదివిన కలెక్టర్ గారికి ఏ భయమూ కలగదు. ఏటా మే నెలలో కొన్ని చెరువులకు మరమ్మతులు అవసరమవుతూనే ఉంటాయి కదా.

ఆ అమ్మాయిని ఒకటే అడిగాను. "రేపు కలెక్టరేట్ మెట్ల మీద కలెక్టర్ గారు ఎదురై, చెరువుల రిపోర్టు ఏమైందమ్మా అన్నారనుకో. ఆయన కారెక్కేలోపు ఏం చెబుతావు?"

ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "మూడు చెరువులు ఈ వానలు తట్టుకోవు సార్. ఒకదాని కట్ట కింద మట్టినీళ్లు వస్తున్నాయి. పదహారో తారీకులోపు ముప్పై ఎనిమిది లక్షలకు శాంక్షన్ ఇస్తే వానలకు ముందే పని చేసేస్తాం. అప్పటిదాకా ఆ చెరువులో నీళ్లు కొంచెం దించాలి సార్, చేపల సొసైటీ వాళ్లు ఒప్పుకోవట్లేదు. మీరు ఆర్డీవో గారికి చెప్పాలి."

"ఇదే మెయిల్. ఇప్పుడు నువ్వు చెప్పిన వరుసలోనే రాయి" అన్నాను.

నోటితో చెప్పేటప్పుడు అంత సూటిగా వచ్చిన మాట, రాయడానికి కూర్చోగానే ఎందుకు వెనక్కి వెళ్లిపోయింది? దానికి కారణం ఉంది. మన కార్యాలయ ఉత్తరం వరుస కాగితం ఫైలుతో పుట్టింది. ఆ ఫైల్లో గుమస్తా నోట్ ఉంటుంది. విషయం, సూచికలు, జరిగిన కథ, నిబంధన, చివర "ఉత్తర్వుల కోసం సమర్పించడమైనది". కింది నుంచి పైకి ఒక్కో మెట్టు ఎక్కే ఫైలుకు ఆ వరుస సరిపోతుంది. ప్రతి మెట్టు దగ్గరా పాత కథను సరిచూసేవాళ్లు ఉంటారు. అధికారి దగ్గరికి చేరేసరికి దాన్ని చేత్తో పట్టుకుని ఒక మనిషి ఎదురుగా నిలబడతాడు. "సార్, ఇది ఫలానా చెరువు మరమ్మతు, ఇవాళే సంతకం కావాలి" అని రెండు ముక్కల్లో చెబుతాడు. అధికారి నిర్ణయం తీసుకునేది ఆ రెండు ముక్కల మీద. కింద ఉన్న కాగితం ఆ మాటలకు రుజువు.

మెయిల్‌కు ఆ మనిషి లేడు. కాగితం ఒక్కటే నేరుగా అధికారి ఫోన్‌లోకి వెళ్లి పడుతుంది. కాబట్టి ఎదురుగా నిలబడి చెప్పే ఆ రెండు ముక్కలను కవరింగ్ మెయిలే చెప్పాలి. మనమేమో ఆ మనిషిని తీసేసి, ఫైల్లోని వరుసను మాత్రం మెయిల్‌లోకి తెచ్చుకున్నాం.

ఈ ఇబ్బంది మన ఒక్కరిదే కాదు. 1940 ఆగస్టు 9న, యుద్ధం నడుస్తుండగా, బ్రిటన్ ప్రధాని చర్చిల్ తన యంత్రాంగానికి ఒక చిన్న సూచన పంపాడు. ముఖ్యాంశాలను పొట్టి పేరాల్లో చెప్పండి, వివరమైన విశ్లేషణ ఉంటే అనుబంధంలో పెట్టండి అని దాని సారం. అమెరికా సైన్యపు ఉత్తరప్రత్యుత్తరాల నిబంధనల్లో, ప్రధానమైన మాట మొదటే రావాలన్నది రాతపూర్వకంగానే ఉంది.

మాట వెనకబడితే ఏమవుతుందో తెలిపే కేసు అణువిద్యుత్ రంగంలో ఒకటుంది. 1977 సెప్టెంబరులో అమెరికాలోని డేవిస్-బెస్సీ కేంద్రంలో ఒక చిన్న సంఘటన జరిగింది. రియాక్టరుకు అత్యవసరంగా నీళ్లు పంపే పంపులను ఆపరేటర్లు తొందరపడి తగ్గించేశారు. ఆ రియాక్టరును తయారుచేసిన బాబ్‌కాక్ అండ్ విల్‌కాక్స్ సంస్థలో ఒక ఇంజనీరు 1978 ఫిబ్రవరిలో లోపలి మెమో రాశాడు. ఇదే పూర్తి సామర్థ్యంతో నడుస్తున్నప్పుడు జరిగితే ఇంధనం దెబ్బతినవచ్చని, ఆపరేటర్లకు సూచనలు మార్చాలని హెచ్చరించాడు. ఆగస్టులో ఆ హెచ్చరికను ప్రస్తావిస్తూ మరో అధికారి వేరే విభాగానికి ఇంకో మెమో పంపాడు. అందులో ఎక్కువ భాగం, సూచనలు మారిస్తే వచ్చే వేరే సాంకేతిక సందేహాల చర్చే. ఈ విషయం తేల్చండి అన్న విన్నపం చివరికి వచ్చింది. వెంటనే ఎవరూ తేల్చలేదు. 1979 మార్చి 28న త్రీ మైల్ ఐలండ్‌లో అదే తరహా పొరపాటు జరిగి రియాక్టరు ఇంధనం కరిగింది. ఆ ప్రమాదానికి కారణాలు అనేకం, ఒక్క మెమో మీద నెట్టలేం. కానీ సాంకేతిక రచన బోధించేవాళ్లు ఆ మెమోను ఇప్పటికీ పాఠంగా చూపిస్తారు. హెచ్చరిక సంస్థలోనే ఉంది, కాగితం మీదే ఉంది. చర్య తీసుకోవాల్సిన మనిషికి అది హెచ్చరికలా కనిపించలేదు.

ఇక మన మెయిల్ దగ్గరికి వద్దాం. ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని తిరగరాసిన తీరు చెబుతాను.

మొదట కలెక్టర్ గారు చేయాల్సిన పనులేవో తేల్చుకున్నాం. ఆ అమ్మాయి అయిదు రాసింది. వాటిలో మూడు నిజానికి ఈఈ గారి స్థాయిలోనే అయిపోయేవి, అంటే కాపలా పెట్టడం, ఇసుక బస్తాలు సిద్ధం చేయడం, రోజూ ఊట కొలవడం. వాటిని తీసేస్తే రెండే మిగిలాయి. ఒకటి డబ్బుకు పరిపాలనా అనుమతి. రెండోది చెరువులో నీటిమట్టం దించడం. తూము ఎత్తి నీళ్లు వదలడం ఇంజనీర్లకు చేతకాక కాదు. వదిలితే చేపలు పోతాయని మత్స్య సహకార సంఘం అడ్డుపడుతోంది. రెండు పక్షాల నష్టాన్ని తూచి చెప్పగలిగేది కలెక్టర్ గారే. పైఅధికారిని అడగాల్సింది ఆయన మాత్రమే చేయగలిగిన పని. మిగతావి కలిపితే అసలువి పలచబడతాయి.

తర్వాత గడువు. ముసాయిదాలో అది లేనే లేదు. "వెంటనే" అని రాస్తే సరిపోదా అంది. సరిపోదు. ప్రతి మెయిల్‌లోనూ వెంటనే అని ఉంటుంది కాబట్టి ఆ మాటకు బరువు పోయింది. తారీకు రాయాలి, ఆ తారీకు ఎలా వచ్చిందో ఒక్క వరుసలో చూపించాలి. లెక్క వేశాం. స్వల్పకాల టెండరుకు 7 రోజులు, ఒప్పందానికి 2, పనికి 12, మొత్తం 21. మే 16న అనుమతి వస్తే జూన్ 6కు పని పూర్తవుతుంది. నైరుతి రుతుపవనాలు సాధారణంగా మనకు చేరేది జూన్ మొదటి, రెండో వారాల్లో. ఆలస్యమైన ప్రతి రోజూ వానలోకి జరుగుతుంది. లెక్క కనిపించే తారీకును చదివినవాళ్లు తేలిగ్గా పక్కన పెట్టలేరు.

డబ్బు దగ్గర ఒక చిక్కు బయటపడింది. మెయిల్‌లో రాద్దామనుకున్నది 38 లక్షలు, రిపోర్టు 33వ పేజీలో ఉన్నది 32.2 లక్షలు. ఎందుకని అడిగితే, రిపోర్టులో జీఎస్టీ కలపలేదంది. 18 శాతం కలిపితే 38కి వస్తుంది. తప్పేమీ లేదు, కానీ మెయిల్ చదివి పేజీ తెరిచిన అధికారికి రెండు అంకెలు కనిపిస్తే చెయ్యి అక్కడే ఆగుతుంది, ఫైలు "స్పష్టత కోరుతూ" వెనక్కి వస్తుంది. ఆ ప్రశ్నోత్తరాలకే నాలుగు రోజులు పోతాయి. అందుకే "జీఎస్టీతో కలిపి" అన్న రెండు మాటలు చేర్చాం. కవరింగ్ మెయిల్‌లోని ప్రతి అంకెనూ రిపోర్టులోని పేజీతో పోల్చి చూడటం తప్పనిసరి.

చివరికి తేలిన మెయిల్ ఇది.

"విషయం: మే 16లోపు అనుమతి కోరుతూ, 3 చెరువుల అత్యవసర మరమ్మతు, రూ.38 లక్షలు

గౌరవనీయులైన కలెక్టర్ గారికి,

వానలకు ముందే మరమ్మతు చేయాల్సిన మూడు చెరువుల విషయంలో తమరి రెండు ఆదేశాలు కోరుతున్నాను.

1. మూడు చెరువుల పనులకు జీఎస్టీతో కలిపి రూ.38 లక్షల పరిపాలనా అనుమతి, మే 16లోపు.

2. పెద్దచెరువు నీటిమట్టాన్ని పని పూర్తయ్యేవరకు 4 అడుగులు తగ్గించి ఉంచేలా ఆర్డీవో గారికి ఆదేశం, ఈ వారంలోనే. దీనివల్ల చేపలకు నష్టమని మత్స్య సహకార సంఘం అభ్యంతరం చెబుతోంది.

కారణం: పెద్దచెరువు తూము పక్కన కట్ట అడుగు నుంచి మట్టి కలిసిన నీరు వస్తోంది. కట్ట లోపలి మట్టి కొట్టుకుపోతోందనడానికి ఇది గుర్తు. వరద చేరితే గండి పడే ప్రమాదం ఉంది. దిగువన 210 ఇళ్లున్నాయి. మిగతా రెండు చెరువుల్లో అలుగు గోడలు పగిలాయి.

గడువు లెక్క: టెండరుకు 7 రోజులు, ఒప్పందానికి 2, పనికి 12. మే 16న అనుమతి వస్తే జూన్ 6కు పూర్తవుతుంది.

42 చెరువుల తనిఖీ నివేదిక (58 పేజీలు) జతచేశాను. ఈ నిర్ణయానికి 31 నుంచి 33 వరకు పేజీలు చాలు. మిగతా 39 చెరువుల విషయంలో ఇప్పుడు తమరి ఆదేశాలు అవసరం లేదు. ఎస్ఈ గారు ఈ ప్రతిపాదనతో ఏకీభవించారు, వారికి ప్రతి పంపాను."

సబ్జెక్టు వరుసను చూడండి. ఫోన్‌లో మెయిళ్ల జాబితా తెరిస్తే ఆ వరుసలో మొదటి కొన్ని మాటలే కనిపిస్తాయి. "నివేదిక సమర్పణ గురించి" అన్నది రోజూ వచ్చే పాతిక మెయిళ్లకూ సరిపోయే పేరు. ఇప్పుడు తారీకు, అడుగుతున్నది మొదటే కనిపిస్తాయి. మెయిల్ తెరవకపోయినా ఒక నిర్ణయం కోసం ఎవరో ఎదురుచూస్తున్నారని తెలుస్తుంది.

చేపల సంగతి ఆ అమ్మాయి మొదట రాయనంది. "అది చెబితే సార్ వెనకాడతారేమో" అని భయపడింది. నేను గట్టిగా పట్టుబట్టాను. ఆ అభ్యంతరం కలెక్టర్ గారికి ఎలాగూ వేరే దారిలో చేరుతుంది. అప్పుడు ఈఈ గారు దాచారన్న అనుమానం మిగతా వాక్యాలన్నింటి మీదా పడుతుంది. అడుగుతున్న పని వల్ల ఎవరికి నష్టమో అడిగిన చోటే చెప్పాలి. అదే వాక్యం ఆర్డీవో గారిని ఎందుకు కలపాలో కూడా చెబుతోంది.

"మిగతా 39 చెరువుల విషయంలో ఆదేశాలు అవసరం లేదు" అన్న వాక్యానికీ పని ఉంది. పెద్ద రిపోర్టును చూసి అధికారి వెనక్కి తగ్గేది, ఇందులో ఇంకేముందో, మొత్తం చదవకుండా మాట ఇస్తే ఏమవుతుందో అని. ఎంత చదవాలో, ఏది వదిలేయవచ్చో మనమే హామీ ఇస్తే ఆ భారం తీరుతుంది. కానీ ఆ హామీ నిజమై ఉండాలి. నలభయ్యో పేజీలో ఇంకో ప్రమాదం ఉండి, మనం దాన్ని అవసరం లేని వాటిలో కలిపేస్తే, ఆ తప్పు పూర్తిగా రాసినవాళ్లదే.

ఇంత సూటిగా అడిగితే పెద్దవాళ్లకు అమర్యాదగా అనిపించదా అన్నది చాలామంది సందేహం. తిరగరాసిన మెయిల్‌లో గౌరవనీయులైన, తమరు, కోరుతున్నాను అన్నీ అలాగే ఉన్నాయి. పోయినవి "సవినయంగా తెలియజేసుకుంటున్నాను", "సదరు", "గమనించడమైనది" లాంటివి. ఆ "డమైనది"లో ఇంకో చిక్కుంది. గమనించింది ఎవరో అది చెప్పదు. అడిగేది ఎవరు, చేయాల్సింది ఎవరు అన్నవి వాక్యంలోనే తేలాలి. మర్యాద పిలుపులో, క్రియాపదంలో ఉంటే చాలు. విషయాన్ని వెనక్కి నెట్టి మర్యాద చూపనక్కర్లేదు.

సూచికలు, సమీక్షా సమావేశపు తేదీ, సర్క్యులర్ నంబరు ఏమయ్యాయని మీరు అడగవచ్చు. అవి అవసరమే, కానీ వాటి చోటు వేరు. అనుమతి కోసం అధికారికంగా పెట్టే ఫైలు ఈ-ఆఫీసులో దాని పద్ధతిలోనే నడుస్తుంది. అక్కడ సూచికలు లేకపోతే ఆడిట్‌లో నిలవదు. మెయిల్ ఆ ఫైలుకు బదులు కాదు. ఫైలు ఎందుకు వస్తోందో, ఎప్పటిలోగా తేలాలో ముందుగా చెప్పే మాట అది. మెయిల్‌లో సూచికలు పెట్టాలనుకుంటే సంతకం పైన ఒక వరుసలో పెట్టవచ్చు.

అధికారి చేయాల్సిన పనేదీ లేని రిపోర్టులూ ఉంటాయి. అప్పుడు కూడా ఆ మాటే మొదట రావాలి. "సమాచారం కోసం పంపుతున్నాను, చర్య అవసరం లేదు" అని మొదటి వాక్యంలో చెబితే, ఆయన దాన్ని తీరిక ఉన్నప్పుడు చూసుకుంటారు. అడగాల్సింది లేనప్పుడు అలవాటు కొద్దీ "తగు చర్య నిమిత్తం" అని రాస్తే, నిజంగా చర్య కావాల్సిన రోజు ఆ మాట పనిచేయదు.

పంపే ముందు ఒక పరీక్ష చేశాం. ఆ అమ్మాయి తమ్ముడు డిగ్రీ చదువుతున్నాడు, చెరువుల గురించి ఏమీ తెలియదు. ఫోన్‌లో మెయిల్ చూపించి అర నిమిషం తర్వాత తీసేసుకున్నాం. "ఎవరు ఏం చేయాలిరా?" అని అడిగింది అక్క. "కలెక్టర్ పదహారులోపు డబ్బు శాంక్షన్ చేయాలి, చెరువులో నీళ్లు దించమని ఆర్డీవోకి చెప్పాలి" అన్నాడు. పాత ముసాయిదా చూపించినప్పుడు అదే అబ్బాయి "ఏవో చెరువులు చెక్ చేశారంట" అన్నాడు.

మెయిల్ మర్నాడు ఉదయం వెళ్లింది. మధ్యాహ్నానికి దాని నకలు ఆర్డీవో కార్యాలయం నుంచి ఈఈ గారికి తిరిగొచ్చింది. కలెక్టర్ గారు రెండో అంశాన్ని అలాగే ఉంచి, పైన ఒక్క వరుస చేర్చి ఆర్డీవోకు పంపారు. రేపు ఊరికి వెళ్లి సొసైటీ వాళ్లతో మాట్లాడి ఇది అమలు చేయండి అని. కింద మా వాక్యం మారకుండా ఉంది. "4 అడుగులు", "పని పూర్తయ్యేవరకు", "మత్స్య సహకార సంఘం అభ్యంతరం" అన్నీ. కలెక్టర్ గారు విడిగా ఆదేశం రాయాల్సిన పని పడలేదు, ఆ అమ్మాయి రాసిన వాక్యమే ఆదేశంగా కిందికి వెళ్లింది. ఆర్డీవో గారు అడిగింది ఒకే ప్రశ్న: 31వ పేజీలో ఫొటో ఉందన్నారు, ఆ ఊట తూముకు ఏ పక్కన?